ఆర్‌ఎంసీ పర్చేజ్ ఆర్డర్‌లో ఏం రాయాలి: గ్రేడు, స్లంప్, టైము, టెస్టులపై తరచుగా అడిగే ప్రశ్నలు

స్లాబ్ వేసే ముందురోజు రాత్రి, వేసిన 28 రోజుల తర్వాత నాకు ఫోన్లు ఎక్కువగా వస్తాయి. అడిగేవాళ్లు చిన్న బిల్డర్లు, సొంతిల్లు కట్టుకునేవాళ్లు, కొత్తగా చేరిన సైట్ ఇంజినీర్లు. ప్రశ్నలు మాత్రం దాదాపు అవే, అన్నీ ఆర్‌ఎంసీ, అంటే ప్లాంటులో కలిపి బండ్లలో పంపే రెడీమిక్స్ కాంక్రీటు గురించే. ఆ గొడవల్లో సగానికి పైగా కాంక్రీటువి కావు, పర్చేజ్ ఆర్డర్‌లో, అంటే పీవోలో, రాయకుండా వదిలేసిన ఒక్క లైనువి. ఉదాహరణల్లో ఒకే స్లాబ్ తీసుకున్నాను: హైదరాబాద్ శివార్లలో జీ ప్లస్ 3 ఇల్లు, మే నెల, ఎం25 కాంక్రీటు, 42 క్యూబిక్ మీటర్లు, బండికి 6 చొప్పున ఏడు బండ్లు.

## పీవో రాసే ముందు

"ఎం25 ఆర్‌ఎంసీ, 42 క్యూబిక్ మీటర్లు, పంపుతో సహా" అని రాశాను. ఇంకేం కావాలి?

అది ధర మాట్లాడుకోవడానికి సరిపోతుంది, గొడవ వస్తే సరిపోదు. ఎం25 అంటే అచ్చులో పోసిన కాంక్రీటు క్యూబ్ 28 రోజులకు చూపాల్సిన బలం 25 ఎంపీఏ అని మాత్రమే. ఆ క్యూబ్ ప్లాంటులో తీసిందా, మీ గేటు దగ్గర తీసిందా? కోన్ అచ్చు ఎత్తితే కాంక్రీటు ఎంత కుంగుతుందో చెప్పే స్లంప్ ఎక్కడ కొలవాలి? టైము ఎప్పటి నుంచి లెక్క? ఇవేవీ ఆ లైనులో లేవు. పీవోలో ఏ అంకె రాసినా దాని పక్కన మూడు మాటలు ఉండాలి: ఎక్కడ కొలుస్తారు, ఎప్పుడు కొలుస్తారు, ఎవరు కొలుస్తారు.

దీనికి నేనే ఒకసారి మూల్యం చెల్లించాను. పీవోలో "స్లంప్ 120 మి.మీ." అని మాత్రమే రాశాను. మధ్యాహ్నం వచ్చిన బండిలో కోన్ ఎత్తితే 70 వచ్చింది. సప్లయర్ మనిషి ప్లాంటు రిజిస్టర్ ఫొటో చూపించాడు. అక్కడ 150 ఉంది. "మేం 120 కంటే ఎక్కువే ఇచ్చాం కదా సార్" అన్నాడు. కాగితం ప్రకారం అతను చెప్పింది తప్పు కాదు.

గ్రేడు ఎవరు నిర్ణయించాలి? సప్లయర్ "ఎం20 చాలు" అంటున్నాడు.

స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగ్‌లో ఉన్నదే గ్రేడు. అందులో సప్లయర్‌కు మాట ఉండదు. డిజైన్‌లో బలానికి ఎం20 చాలినా, మన్నిక కోసం ఎక్కువ గ్రేడు కావాల్సి రావచ్చు. మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో పరిసరాలను బట్టి కనీస గ్రేడు, కనీస సిమెంటు, గరిష్ఠ నీరు-సిమెంటు నిష్పత్తి ఇచ్చారు. వాన తగిలే ఆర్‌సీసీకి ఎం25, 300 కిలోలు, 0.50. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతంలో అయితే ఎం30, 320 కిలోలు, 0.45. సముద్రపు తుంపర నేరుగా పడే చోట ఎం35, 340 కిలోలు, అదే 0.45. హైదరాబాద్ పీవోను కాపీ కొట్టి భీమిలి బీచ్ పక్కన ఇంటికి వాడేవాళ్లను చూశాను. పేరు మారుస్తారు, గ్రేడు మార్చరు.

గ్రేడు పక్కన సిమెంటు కిలోలు కూడా రాయాలా? బలం వస్తే చాలదా?

రాయండి. కాంక్రీటును జారుగా చేసే మంచి అడ్‌మిక్స్చర్ రసాయనంతో, తక్కువ సిమెంటుతో కూడా 25 ఎంపీఏ తెప్పించొచ్చు. కానీ లోపలి ఇనుమును తుప్పు నుంచి కాపాడేది క్యూబ్ బలం ఒక్కటే కాదు. అందుకే "క్యూబిక్ మీటరుకు సిమెంటు, ఫ్లై యాష్ కలిపి కనీసం ఇన్ని కిలోలు, అందులో ఫ్లై యాష్ ఇంతకు మించకూడదు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.50 మించకూడదు" అని రాసి, మిక్స్ డిజైన్ రిపోర్టు పీవోకు జతచేయమని అడగండి.

ఆ రిపోర్టులో ముందు చూడాల్సింది టార్గెట్ బలం. ఎం25కి ప్లాంటు 25 కోసం డిజైన్ చేయకూడదు. 25కు, రిజల్టులు సగటుకు ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్‌ను 1.65 రెట్లు చేసి కలపాలి. డీవియేషన్ 4 అనుకుంటే 31.6 వస్తుంది. ట్రయల్ క్యూబ్‌లు 27, 28 దగ్గర ఆగిన మిక్స్‌ను మీకు చూపిస్తున్నారంటే, సైటులో నాలుగింటిలో ఒకటైనా కింద పడుతుందని ముందే తెలుసుకోండి.

ఫ్లై యాష్ వద్దని రాసేయనా?

అక్కర్లేదు. ఫ్లై యాష్ కలిపిన కాంక్రీటు పంపులో బాగా జారుతుంది, వేడి తక్కువ పుడుతుంది, తర్వాత్తర్వాత బలం కూడా పెరుగుతుంది. ప్రమాదం రెండు చోట్ల ఉంది. ఒకటి, అప్పటికే ఫ్లై యాష్ ఉన్న పీపీసీ సిమెంటు మీద మళ్లీ ఫ్లై యాష్ కలపడం. అందుకే "ఫ్లై యాష్ కలిపితే ఓపీసీతో మాత్రమే" అని, అంటే ఫ్లై యాష్ లేని మామూలు సిమెంటుతో మాత్రమే అని రాయాలి. రెండోది, మొదటి వారంలో బలం నెమ్మదిగా వస్తుంది. 4.5 మీటర్ల లోపు స్లాబ్ కింద ప్రాప్‌లు ఏడు రోజులకు తీయొచ్చని ఐఎస్ 456లో ఉన్న లెక్క ఓపీసీది. సెంట్రింగ్ మేస్త్రికి ఆ సంగతి చెప్పకపోతే ఎనిమిదో రోజు పొద్దున్నే సామాను విప్పుకుపోతాడు.

## స్లంప్, టైము రాసేటప్పుడు

స్లంప్ ఎంత రాయాలి?

బూమ్ పంపుతో వేసే మామూలు స్లాబ్‌కు సైటు దగ్గర 120 మి.మీ. నాకు సరిపోయింది. కడ్డీలు దట్టంగా ఉండే కాలమ్-బీమ్ జాయింట్లకు ఇంకాస్త ఎక్కువ అడుగుతాను. వాక్యం ఇలా ఉండాలి: "స్లంప్ 120 మి.మీ., సైటులో బండి నుంచి దిగేటప్పుడు, పంపు హాపర్‌లో పడకముందు, కొనుగోలుదారు ఇంజినీరు సమక్షంలో కొలిచినది."

తేడా ఎంతవరకు ఒప్పుకోవాలో ఆర్‌ఎంసీ కోడ్ ఐఎస్ 4926లో ఉంది: 25 మి.మీ. లేదా రాసిన స్లంప్‌లో మూడో వంతు, రెండింటిలో ఏది తక్కువైతే అది. 120లో మూడో వంతు 40 కాబట్టి 25 వర్తిస్తుంది. అంటే 95 నుంచి 145 వరకు తీసుకోవాలి. 150 వచ్చినా, 90 వచ్చినా అభ్యంతరం చెప్పొచ్చు. ప్లాంటు దగ్గర ఎంత పెట్టి పంపాలన్నది సప్లయర్ తలనొప్పి. ఎండ, దూరం, ట్రాఫిక్ లెక్కేసుకుని అతను 160తో బయలుదేరదీసినా మనకు సంబంధం లేదు.

రెండు గంటల్లో రావాలంటారు. రెండు గంటలు ఎప్పటి నుంచి?

బండి గేటు దాటినప్పటి నుంచి కాదు, ప్లాంటులో లోడింగ్ జరిగినప్పటి నుంచి. ఆ రెండు గంటలు సైటుకు చేరడానికి కూడా కాదు. ఐఎస్ 4926 సాధారణ నియమం ప్రకారం లోడైన రెండు గంటల్లోపు బండి ఖాళీ అయిపోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు.

మా మే నెల స్లాబ్‌లో రెండు బండ్లు చూడండి. మూడో బండి చలానాలో బ్యాచింగ్ టైము 10:40. సైటుకు 11:50కి చేరింది, 12:10కి పంపు మొదలై 12:35కి అయిపోయింది. మొత్తం ఒక గంట 55 నిమిషాలు, గీతకు లోపలే. ఆరో బండి బ్యాచింగ్ 12:05. ట్రాఫిక్‌లో ఇరుక్కుని 1:50కి వచ్చింది. డ్రైవరుకు అది "గంటా నలభై ఐదు నిమిషాలే కదా". కానీ దించడానికి 25 నిమిషాలు పడుతుంది, మిగిలింది 15 నిమిషాలే.

సెట్టింగ్ ఆలస్యం చేసే రిటార్డర్ వేస్తే రెండు గంటలకు మించి కూడా ఒప్పుకోవచ్చు. అయితే ఎంతసేపు అన్నది పీవోలోనే అంకెగా ఉండాలి, ఆ టైము తర్వాత కూడా స్లంప్ నిలుస్తుందని చూపే ట్రయల్ రిపోర్టు ఉండాలి. బండి ఆలస్యమయ్యాక "రిటార్డర్ వేశాం సార్" అని ఫోన్‌లో చెబితే కుదరదు.

బండికీ బండికీ మధ్య ఎంత గ్యాప్ రాయాలి?

ఎండాకాలం స్లాబ్‌కు 30 నిమిషాలకు మించకూడదని నేను రాస్తాను. అంతకంటే ఎక్కువైతే వేసిన అంచు బిగుసుకుపోతుంది, కొత్త కాంక్రీటు దానితో కలవదు, కోల్డ్ జాయింట్ పడుతుంది. మొదటి వానకు సరిగ్గా ఆ గీత వెంటే నీళ్లు కారతాయి.

రాస్తే సరిపోదు, సప్లయర్ దగ్గర అన్ని బండ్లు ఉన్నాయా అని లెక్క వేయాలి. లోడింగ్ 15 నిమిషాలు, రావడానికి 45, దించడానికి 25, తిరిగి వెళ్లడానికి 35 అనుకుంటే ఒక బండి చక్రం 120 నిమిషాలు. 30 నిమిషాలకో బండి కావాలంటే నాలుగు బండ్లు మీ సైటుకే కేటాయించాలి. మూడే ఇస్తే గ్యాప్ 40 నిమిషాలవుతుంది. "బండ్లు పంపిస్తాం" అన్న మాటకు బదులు "నాలుగు బండ్లు, 30 నిమిషాలకొకటి, మొదటిది ఉదయం 6 గంటలకు" అని రాయించుకోండి. మీ దారిలో పగటిపూట భారీ వాహనాలను ఆపే రోడ్డు ఉంటే ఆ వేళలు కూడా చేర్చండి, లేకపోతే నాలుగో బండి తర్వాత చౌరస్తాలో టెన్షన్ మొదలవుతుంది.

న్యాయంగా ఇంకో మాట. మన కూలీలు టిఫిన్‌కు పోయి బండి గంట నిలబడితే అది సప్లయర్ తప్పు కాదు. బండికి ఎంతసేపు ఉచితం, ఆ తర్వాత వెయిటింగ్ చార్జీ ఎంత అన్నది కూడా ఉండాలి. ఆలస్యం మనవల్ల అయితే ఆ బండిని తిప్పి పంపినా డబ్బు మనమే కట్టాలి.

## బండి గేటు దగ్గరకు వచ్చాక

చలానాలో ఏం చూడాలి?

పంపు తిప్పమనే ముందు ఒక్క నిమిషం ఆగి గ్రేడు, బ్యాచింగ్ టైము, పరిమాణం, బండి నంబరు చూడండి. ఎం30 బండి మీ సైటుకు, మీ ఎం25 బండి ఇంకో సైటుకు పోవడం నిజంగా జరుగుతుంది. తర్వాత బ్యాచ్ రిపోర్టు అడగండి. ప్లాంటు కంప్యూటరు ప్రతి బ్యాచ్‌లో సిమెంటు, ఇసుక, కంకర, నీళ్లు ఎన్ని కిలోలు పడ్డాయో అచ్చు వేస్తుంది. సిమెంటు 2 శాతం, మిగతావి 3 శాతం తేడా లోపల ఉండాలి. "ప్రతి బండితో బ్యాచ్ రిపోర్టు" అని పీవోలో లేకపోతే వారం తర్వాత పంపుతామంటారు.

స్లంప్ తక్కువొచ్చింది. డ్రైవరు "రెండు బకెట్లు నీళ్లు పోస్తే జారుతుంది సార్" అంటున్నాడు. పోయనివ్వాలా?

వద్దు. రఫ్ లెక్క చెబుతాను. క్యూబిక్ మీటరుకు 5 లీటర్ల నీళ్లు పోస్తే స్లంప్ ఒక అంగుళం పెరుగుతుంది, బలం సుమారు 1 నుంచి 1.4 ఎంపీఏ తగ్గుతుంది. 6 క్యూబిక్ మీటర్ల బండికి 5 చొప్పున 30 లీటర్లు, అంటే సరిగ్గా ఆ రెండు బకెట్లే. వినడానికి చిన్న నష్టమే. కానీ 70ని 120 చేయాలంటే నాలుగు బకెట్లు కావాలి, ఎవరూ బకెట్లు లెక్కపెట్టరు, పైపు పెట్టి రెండు నిమిషాలు వదిలేస్తారు. ఆ బండి నుంచి క్యూబ్ ఫెయిలైతే "మీ సైటులో నీళ్లు పోశారు" అని సప్లయర్ చేతులు దులుపుకుంటాడు. అదీ నిజమే అవుతుంది.

సరైన దారి అడ్‌మిక్స్చర్. సప్లయర్ టెక్నీషియన్ సైటులో ఉండి, కొలిచి అడ్‌మిక్స్చర్ వేసి, డ్రమ్ము కొన్ని నిమిషాలు వేగంగా తిప్పి, మళ్లీ స్లంప్ తీయాలి. ఎంత వేశారో చలానా మీద రాసి సంతకం పెట్టాలి. పీవోలో నా వాక్యం: "సైటులో నీరు కలపరాదు. స్లంప్ సరిచేయడం సప్లయర్ టెక్నీషియన్ మాత్రమే, అడ్‌మిక్స్చర్‌తో, బండికి ఒకసారి." డ్రమ్ము కడగడానికి వెనక ట్యాంకులో నీళ్లుంటాయి. డ్రైవర్ చెయ్యి దాని వాల్వు మీద ఉందేమో చూస్తూ ఉండండి. అతను చెడ్డవాడేం కాదు, బండి త్వరగా ఖాళీ చేసుకుని ఇంకో ట్రిప్పు వేయాలి, అంతే.

బండిని వెనక్కి పంపే హక్కు నాకుందా?

పీవోలో కారణాలు రాస్తే ఉంది. టైము దాటడం, అడ్‌మిక్స్చర్ వేశాక కూడా స్లంప్ హద్దులోకి రాకపోవడం, గ్రేడు తప్పు, ఉష్ణోగ్రత హద్దు మించడం. ఉష్ణోగ్రతను మే నెలలో మరిచిపోకండి. 40 డిగ్రీలు దాటిన కాంక్రీటు పోయకూడదు, నేను 35 రాస్తాను. మెటల్ థర్మామీటరు గుచ్చితే రెండు నిమిషాల పని. తిప్పి పంపే నిర్ణయం తీసుకునే మనిషి పేరు కూడా పీవోలో ఉండాలి. లేకపోతే సైటులో ఉన్న కుర్రాడికి పంపే ధైర్యం రాదు. ఒక్క బండి పంపేస్తే స్లాబ్ మధ్యలో గ్యాప్ పడుతుంది కదా అన్న భయం సరైనదే. బదులు బండి ఎంతసేపట్లో రావాలో కూడా అందుకే రాస్తాం.

ఏడు బండ్లు వచ్చాయి, స్లాబ్ ఇంకా మిగిలింది. తక్కువ పంపారా?

ముందు మీ లెక్క చూసుకోండి. సెంట్రింగ్ ఒక సెంటీమీటరు కుంగినా 42 క్యూబిక్ మీటర్ల స్లాబ్‌లో బండిలో మూడో వంతు పైన మింగేస్తుంది. అనుమానం తీరాలంటే వే బ్రిడ్జి ఒక్కటే దారి. మా నాలుగో బండిని తూయించాం. లోడుతో 27,050 కిలోలు, ఖాళీగా 12,910. తేడా 14,140. సైటులో తీసిన పచ్చి కాంక్రీటు సాంద్రత 2,420 కిలోలు. భాగిస్తే 5.84 క్యూబిక్ మీటర్లు. చలానా మీద 6 ఉంది. "ఏ బండినైనా కొనుగోలుదారు తూయించవచ్చు, బిల్లు తూకం ప్రకారం" అన్న వాక్యం ఉంది కాబట్టి వాదన లేకుండా తగ్గించారు.

## క్యూబ్‌లు, రిజల్టులు

42 క్యూబిక్ మీటర్లకు ఎన్ని క్యూబ్‌లు?

ఐఎస్ 456 పట్టికలో 31 నుంచి 50 వరకు నాలుగు శాంపిళ్లు. ఒక శాంపిల్ అంటే మూడు క్యూబ్‌లు, కాబట్టి 28 రోజులకు 12. ఏడు రోజుల బలం కూడా కావాలంటే వాటికి విడిగా పోయాలి. నేను రెండు శాంపిళ్లకు మూడేసి చొప్పున ఆరు కలిపి 18 పోయిస్తాను. ఆర్‌ఎంసీ విషయంలో శాంపిళ్ల సంఖ్య ఇద్దరూ మాట్లాడుకుని పెట్టుకోవచ్చని అదే కోడ్ అంటుంది. అందుకే పీవోలో అంకె లేకపోతే సప్లయర్‌కు అనుకూలమైన సంఖ్యే నడుస్తుంది.

నాలుగూ ఒకే బండి నుంచి తీయకండి. వేర్వేరు బండ్ల నుంచి తీయండి, ఏ బండి కాంక్రీటు స్లాబ్‌లో ఎక్కడ పడిందో ప్లాన్ కాపీ మీద గీసి పెట్టుకోండి.

ఏడు రోజుల రిజల్టు 15 వచ్చింది. ఫెయిలా?

కాదు, కానీ హెచ్చరిక. మామూలుగా 28 రోజుల బలంలో మూడింట రెండొంతులు దాకా ఏడు రోజులకు వస్తుంది, ఫ్లై యాష్ ఉంటే ఇంకా తక్కువే. కోడ్ ఒప్పుకోలు 28 రోజుల రిజల్టు మీదే. 15 వచ్చినప్పుడు చేయాల్సిన పని ప్రాప్‌లు తీయకుండా ఆపడం.

నాలుగు రిజల్టులూ 25 పైనే ఉన్నాయి. పాసే కదా?

కాకపోవచ్చు. మా స్లాబ్‌కు వచ్చినవి 29.5, 27, 30.5, 26. ఒక్కటీ 25కు తగ్గలేదు. సప్లయర్ "అన్నీ పాస్" అని మెయిల్ పెట్టి బిల్లు అడిగాడు.

ఐఎస్ 456 సవరణ తర్వాత రెండు షరతులు ఉన్నాయి. ఏ ఒక్క రిజల్టూ గ్రేడు కంటే 3 తక్కువకు, అంటే 22 కిందికి పోకూడదు. అది దాటాం. రెండోది, వరసగా నాలుగింటి సగటు రెండు అంకెల్లో పెద్దదానికి తగ్గకూడదు: గ్రేడు+3, లేదా గ్రేడు+0.825 రెట్లు స్టాండర్డ్ డీవియేషన్. మొదటిది 28. డీవియేషన్ 4 తీసుకుంటే రెండోది 28.3, దాన్ని దగ్గరి అరకు సవరిస్తే 28.5. మా సగటు 113 భాగించు 4, అంటే 28.25. పావు తక్కువ. కోడ్ భాషలో ఇది ఒప్పుకోలుకు నోచుకోలేదు.

అంతమాత్రాన స్లాబ్ పగలగొట్టాలని కాదు. స్ట్రక్చరల్ ఇంజినీరుకు పంపాం. అనుమానం ఎక్కువగా ఉంటే స్లాబ్ నుంచే డ్రిల్లుతో కోసి కోర్లు తీస్తారు. కనీసం మూడు, సగటు 25లో 85 శాతానికి అంటే 21.25కు, ఏ ఒక్కటీ 75 శాతానికి అంటే 18.75కు తగ్గకూడదు. మాకు ఆ అవసరం పడలేదు. కానీ కోర్ల ఖర్చు ఎవరిది, ఈలోగా బిల్లులో ఎంత ఆపాలి అన్నవి పీవోలో ఉండబట్టే ఆ మెయిల్‌కు రెండు లైన్లలో జవాబు ఇవ్వగలిగాను.

ప్లాంటు క్యూబ్‌లు 33 వచ్చాయి, మావి 24. ఎవరిది నిజం?

ముందు మీ క్యూబ్‌లు ఎలా పెరిగాయో చూడండి. అచ్చు తీసేదాకా మొదటి 24 గంటలు తడి గోనె కింద నీడలో ఉన్నాయా, తర్వాత 27 డిగ్రీల దగ్గరి నీళ్లలో మునిగి ఉన్నాయా? చాలా సైట్లలో సిమెంటు బస్తాల పక్కన ఎండలో కనిపిస్తాయి. ఒక శాంపిల్‌లోని మూడు క్యూబ్‌లు వాటి సగటుకు 15 శాతం మించి అటూ ఇటూ ఉంటే ఆ శాంపిలే చెల్లదు, తప్పు చేసింది కాంక్రీటు కాదు, పోసిన చెయ్యి.

క్యూబ్‌లు బాగానే పెరిగాయంటే అప్పుడు ప్లాంటుకూ మీ గేటుకూ మధ్య ఏదో జరిగింది, చాలాసార్లు అది నీళ్లే. అందుకని ప్లాంటు క్యూబ్‌లు సప్లయర్ సొంత కంట్రోల్‌కు, ఒప్పుకోలుకు మాత్రం సైటులో ఇద్దరి సమక్షంలో పోసి, సంతకం చేసిన చీటీలు అతికించి, ఇద్దరూ ఒప్పుకున్న, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పగలగొట్టినవే లెక్క అని రాయండి. ల్యాబ్ పేరు పీవో రోజే రాయాలి. రిజల్టు వచ్చాక ల్యాబ్ వెతకడం మొదలుపెడితే ఇద్దరూ చెరొక రిపోర్టు పట్టుకుని కూర్చుంటారు.